బొమ్మ కారు వేడెక్కింది, ఫిర్యాదు ఎవరు రాయాలి?

ఏడు, ఎనిమిది తరగతుల సాంఘికశాస్త్రం పరీక్షల్లో వినియోగదారుల హక్కుల మీద వచ్చే ప్రశ్న చాలాచోట్ల ఒక్కటే: హక్కులు ఎన్ని, అవి ఏవి? పిల్లలు ఆరు హక్కులనూ గడగడా రాసేస్తారు. పాడైన వస్తువును తిరిగి దుకాణానికి ఎలా పట్టుకెళ్లాలో, అక్కడ ఏం మాట్లాడాలో మాత్రం ఆ జవాబులో ఎక్కడా ఉండదు. ఒక కేసును చేతికిచ్చి ప్రశ్నలు దాని చుట్టూ అల్లితే అదే పాఠం ఎంత లోతుకు వెళ్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

సిరి ఖమ్మంలో ఏడో తరగతి చదువుతోంది. తమ్ముడి పుట్టినరోజుకు విజయవాడలో ఉండే మేనమామ జూన్ 14న ఒక దుకాణంలో రూ.1,150 పెట్టి రిమోట్ కారు కొన్నాడు. మూడు రోజుల తర్వాత పెట్టెలోనే ఇచ్చిన కేబుల్‌తో ఛార్జింగ్ పెట్టారు. 20 నిమిషాలకు కారు అడుగున ప్లాస్టిక్ మూత వేడెక్కి వంగిపోయింది, కాలిన వాసన వచ్చింది. పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు లేదు. మామయ్య దుకాణానికి వెళ్లి అడిగితే బిల్లు కింద అచ్చయిన వాక్యం చూపించారు: "అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోబడవు."

ఇక్కడ "ఏ హక్కుకు భంగం కలిగింది?" అని అడిగి, "భద్రత హక్కు" అని రాసినవాళ్లకే మార్కు వేస్తే మంచి కేసు వృథా అయినట్టే. వస్తువు ప్రమాదకరంగా ఉంది కాబట్టి భద్రత హక్కు సరే. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేనప్పుడు నాణ్యత గురించి తెలుసుకునే హక్కూ దెబ్బతింది. మామయ్య మాట వినకుండా పంపేశారు కాబట్టి తన గోడు చెప్పుకునే హక్కు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే "ఏయే హక్కులు, కేసులోని ఏ వాక్యాన్ని బట్టి చెబుతున్నావు?" అని అడగాలి. అప్పుడు పిల్లలు జ్ఞాపకం మీద ఆధారపడకుండా కేసును మళ్లీ చదువుతారు.

తర్వాతి ప్రశ్న పెద్దలను కూడా ఆలోచనలో పడేస్తుంది. ఇందులో వినియోగదారుడు ఎవరు? డబ్బిచ్చింది మామయ్య, ఆడుకునేది తమ్ముడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారే కాదు, కొన్నవారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. తమ్ముడు మైనర్ కాబట్టి అతని తరఫున తల్లి లేదా తండ్రి ఫిర్యాదు చేయవచ్చు. ఇదే కారును ఎవరైనా మళ్లీ అమ్ముకోవడానికి కొని ఉంటే వినియోగదారుడు అనిపించుకోరు. ఈ మలుపును కూడా ఒక ప్రశ్నగా చేర్చితే నిర్వచనం ఎందుకు అవసరమో పిల్లలకు తెలుస్తుంది.

అసలు చిక్కు బిల్లు మీది వాక్యం దగ్గర ఉంది. పిల్లలే కాదు, చాలామంది పెద్దలు కూడా దాన్ని చూసి వెనుదిరుగుతారు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. "తిరిగి తీసుకోబడవు" అనేది గడువు కాదు కాబట్టి ఇక్కడ 30 రోజులు వర్తిస్తాయి. ఒకవేళ బిల్లులో 7 రోజులు అని ఉండి, కారు పదో రోజున పాడైతే? ఆ నిబంధన అక్కరకు రాకపోవచ్చు గానీ, వస్తువులో లోపం ఉందన్న ఫిర్యాదు మాత్రం నిలుస్తుంది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

దీనికి జోడీగా ఇంకో ప్రశ్న తప్పక ఉండాలి. కారు చక్కగానే నడుస్తోంది, తమ్ముడికి ఎరుపు రంగు నచ్చలేదు. అప్పుడు దుకాణదారుడు వెనక్కి తీసుకోవాలా? అక్కర్లేదు, అది లోపం కాదు. మార్చి ఇస్తే ఆయన మంచితనం. ఈ ప్రశ్న లేకపోతే కొన్నవాడు ఏది అడిగినా న్యాయమే అనే తప్పుడు అభిప్రాయం పిల్లల్లో పడిపోతుంది.

ఎక్కువ మార్కులు కేటాయించాల్సింది ఉత్తరానికి. "మీ బొమ్మ నాసిరకం, మమ్మల్ని మోసం చేశారు" అని కోపంగా రాసిన దానికంటే, సిరి తన తండ్రి పేరు మీద రాసిన ఈ నాలుగు ముక్కలకు బలం ఎక్కువ:

"జూన్ 14న మా బావమరిది మీ దుకాణంలో రూ.1,150కి రిమోట్ కారు కొన్నారు. 17న పెట్టెలోని కేబుల్‌తోనే ఛార్జింగ్ పెట్టాం. సుమారు 20 నిమిషాలకు అడుగు మూత వేడెక్కి వంగిపోయింది. వెంటనే ప్లగ్గు తీసేశాం. ఆ తర్వాత వాడలేదు, విప్పలేదు. పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు లేదు. బిల్లు నకలు, ఫొటోలు జతచేశాను. 15 రోజుల్లో మా డబ్బు తిరిగి ఇవ్వండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను."

ఇందులో 15 రోజులు చట్టం పెట్టిన గడువు కాదు, రాసేవాళ్లు ఇచ్చుకునే వ్యవధి. అన్నిటికంటే విలువైన మాట "విప్పలేదు" అన్నది. పక్కింటి కుర్రాడికి కాస్త ఎలక్ట్రికల్ పని వచ్చని కారు విప్పించి ఉంటే, లోపం మొదటి నుంచీ ఉందో విప్పాక వచ్చిందో తేల్చడం కష్టమయ్యేది. దుకాణదారుడు రేపు "మీరు ఫోన్ ఛార్జర్ పెట్టి ఉంటారు" అనవచ్చు. కళ్లతో చూసి తేల్చలేని లోపమైతే కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు, పరీక్ష రుసుము మాత్రం ఫిర్యాదుదారే ముందుగా కట్టాల్సి రావచ్చు. రూ.1,150 కారుకు ఆ ఖర్చు ఏపాటి న్యాయమో తరగతిలో చర్చకు పెట్టదగిన విషయం. అందుకే ఇంత చిన్న మొత్తాలకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం మేలు. వాళ్లు అమ్మినవారితో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, అంతేగానీ తీర్పు ఇవ్వలేరు. తీర్పు కావాలంటే కమిషనే.

కమిషన్ ఎక్కడిది అనేదే సిరి కేసులో చివరి ప్రశ్న. దుకాణం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఇల్లు తెలంగాణలో. 1986 నాటి పాత చట్టంలోనైతే అమ్మినవారు ఉన్నచోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. కొత్త చట్టంలో ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు. సిరి తండ్రి ఖమ్మంలోనే వేయొచ్చు, వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షలలోపు కాబట్టి రుసుము కూడా ఉండదు. కారు ధర, దాంతోపాటు నష్టపరిహారం అడగవచ్చు. ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మలు ఆ దుకాణంలో ఇంకా అమ్ముతుంటే, అది వేరే ఫిర్యాదు. దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థకు పంపాలి.

ఇదే కేసులో ఒక్క వివరం మార్చి ఇంటికి పంపండి: దుకాణదారుడు బిల్లే ఇవ్వలేదు, మామయ్య ఫోన్లో యూపీఐ చెల్లింపు మాత్రం కనిపిస్తోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే. ఇక ఆ యూపీఐ చెల్లింపు ఏం రుజువు చేస్తుంది, ఏం రుజువు చేయలేదు అన్నది పిల్లలు రాసుకురావాలి. డబ్బు ఎప్పుడు, ఎవరికి, ఎంత వెళ్లిందో అందులో ఉంటుంది. కొన్నది కారేనని మాత్రం ఉండదు.