సీసాలు వేరైనా చర్మం ఒక్కటే

మొటిమలు తగ్గాలని మొదలుపెట్టిన క్రీములే ముఖాన్ని మండిస్తుంటే, ఆ రెండు మందులూ ఒకదానికొకటి పడలేదేమోనని చాలామంది అనుకుంటారు. అలా పడకపోవడం ఉంది గానీ అరుదు. ఎక్కువగా జరిగేది వేరు. చర్మాన్ని ఒలిచే పదార్థాలు రెండు మూడు సీసాల్లో వేర్వేరు పేర్లతో ఉంటాయి, అవన్నీ ఒకే రాత్రి ముఖానికి చేరతాయి.

మొటిమలున్న ఒక కాలేజీ అమ్మాయి సామాను చూద్దాం. పొద్దున, రాత్రి 2 శాతం సలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్. రాత్రి దాని తర్వాత గ్లైకోలిక్ యాసిడ్ టోనర్, నయాసినమైడ్ సీరమ్, చివర డాక్టర్ రాసిన అడాపలీన్ జెల్. ఏ ఒక్కటీ చెడ్డది కాదు. కానీ లెక్క వేయండి. సలిసిలిక్, గ్లైకోలిక్ రెండూ చర్మం పైపొరలో మృతకణాలను పట్టి ఉంచే బంధాన్ని వదులు చేస్తాయి. అడాపలీన్ రెటినాయిడ్ జాతిది. కొత్త కణాలు తయారయ్యే తీరునే మారుస్తుంది, మొదటి వారాల్లో పొట్టు రాలుస్తుంది. నయాసినమైడ్‌ను పక్కన పెట్టినా, ఒకే రాత్రి మూడు వైపుల నుంచి ఒలుపు. పైపొర పలచబడితే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి రసాయనాలు లోపలికి దిగుతాయి. అందుకే నిన్నటిదాకా హాయిగా ఉన్న మాయిశ్చరైజర్ కూడా ఇవాళ చురుక్కుమంటుంది.

హద్దు దాటిందనడానికి నేను ముందుగా చూసేది ఆ చురుకునే. ఏ మందూ లేని మామూలు మాయిశ్చరైజర్ మండుతోందంటే పైపొర దెబ్బతిన్నట్టే. ముక్కు పక్కన, పెదవుల మూలల్లో పొట్టు రేగుతుంది, ముఖం కడిగిన వెంటనే బిగుసుకుంటుంది. పుస్తకాలు చెప్పే ఎరుపు మన చామనఛాయ మీద సరిగా కనపడదు. ముఖం కాస్త నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపును నిగారింపనుకుని ఇంకా కొనసాగిస్తే, మంట తగ్గాక గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. మన రంగు చర్మంలో అవి పోవడానికి నెలలు పడుతుంది. మొటిమలు తగ్గించుకుంటూ మచ్చలు తెచ్చుకోవడమంటే ఇదే.

ఆ అమ్మాయి ముందు అన్నీ ఆపాలి. నురగ తక్కువ వచ్చే సాదా ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. చురుకు పూర్తిగా పోయేదాకా, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఇదే వాడాలి. తర్వాత మొదట తిరిగి రావాల్సింది అడాపలీన్, ఎందుకంటే మొటిమల మీద అసలు పని దానిదే. వారానికి రెండు రాత్రులు, ముఖం బాగా ఆరాక, మొత్తానికి బఠానీగింజంత. కావాలంటే కింద మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. రెండు మూడు వారాలు ఇబ్బంది లేకపోతే రాత్రి విడిచి రాత్రి. సలిసిలిక్ ఫేస్‌వాష్‌ను ఆ తర్వాతే, పొద్దున ఒక్కపూట తెచ్చుకోవచ్చు. గ్లైకోలిక్ టోనర్‌ను మాత్రం నేనైతే పక్కన పెట్టేయమంటాను. కావాలనే అనిపిస్తే అడాపలీన్ లేని రాత్రి, వారానికి ఒకసారి చాలు. ఒకేసారి రెండు మొదలుపెడితే మండినప్పుడు ఏది మండించిందో తెలియదు.

ఇక నిజంగానే పడనివాటి సంగతి. ట్రెటినాయిన్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి రాస్తే, ముఖ్యంగా వెలుతురులో, పాత రకం ట్రెటినాయిన్ విరిగిపోయి పనిచేయదు. అందుకే పెరాక్సైడ్ పొద్దున, ట్రెటినాయిన్ రాత్రి. అడాపలీన్‌కు ఆ బెడద లేదు. ఆ రెండూ కలిసిన జెల్ ఒకే ట్యూబులో దొరుకుతుంది కూడా. పెరాక్సైడ్ విటమిన్ సి సీరమ్‌ను కూడా పాడుచేస్తుంది కాబట్టి ఆ రెంటినీ ఒకే పూట వాడకండి. విటమిన్ సి, నయాసినమైడ్ కలవకూడదన్న మాటను మాత్రం పట్టించుకోనక్కర్లేదు. ఈనాటి సీరమ్‌లలో ఆ రెండూ కలిసి ఉండగలవు.

సీసా మీద పేరు లేని ఒలుపు కూడా ఉంది. సున్నిపిండితో రుద్దడం, నిమ్మరసం పట్టించడం ఈ లెక్కలోకే వస్తాయి. మచ్చలకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని క్రీముల్లో హైడ్రోక్వినోన్‌తో పాటు ట్రెటినాయిన్, స్టెరాయిడ్ ఉంటాయి. వాటి మీద అడాపలీన్ రాస్తే రెటినాయిడ్ మీద రెటినాయిడ్ పడినట్టు. పెట్టె వెనక చిన్న అక్షరాలు చదివి తీరాలి. పైపెదవికి వ్యాక్సింగ్ చేయించుకునేవాళ్లు కనీసం వారం ముందే రెటినాయిడ్ ఆపాలి, లేకపోతే మైనంతో పాటు చర్మమూ ఊడి వస్తుంది. గర్భం దాల్చాలనుకుంటున్నా, దాల్చినా రెటినాయిడ్లు మానేసి డాక్టర్ని అడగాలి. ముఖం వాచినా, దద్దుర్లు లేచి దురద పెట్టినా అది ఒలుపు మంట కాదు, అలర్జీ కావచ్చు. అప్పుడు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.