నూగు రాలినా నాసిరకం కాదు

కులు, మనాలి వెళ్లినవాళ్లు తెచ్చుకునే వాటిలో అంగోరా శాలువా ఒకటి. నల్లచీర మీద కప్పుకుంటే తెల్లటి నూగు అంటుకుంటుంది. నాసిరకం అంటగట్టారని అనుకుంటాం గానీ, మేలైన అంగోరా కూడా రాలుతుంది.

గొర్రె ఉన్ని వెంట్రుక మీద ఇంటికప్పు పెంకుల్లా పొలుసులు, పొడవునా వంకీలు ఉంటాయి. పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వంకీల మధ్య నిలిచిన గాలి ఒంటివేడిని బయటికి పోనివ్వదు. అందుకే గొర్రె ఉన్ని స్వెటర్ పెద్దగా రాలదు. కాకపోతే చంకల్లో, మోచేతుల దగ్గర రాపిడికి ఉండలు కడుతుంది.

అంగోరా కుందేలు వెంట్రుక సుమారు 12 నుంచి 16 మైక్రాన్ల మందమే. దాని లోపల కూడా గాలి అరలుంటాయి కాబట్టి బరువు లేకుండానే వెచ్చగా ఉంటుంది. కానీ నున్నగా, వంకీల్లేకుండా ఉండడంతో దారంలోంచి జారిపోతుంది. పురి బిగిస్తే రాలడం తగ్గుతుంది, ఆ నూగులో నిలిచే గాలీ తగ్గుతుంది. అందుకే నేతగాళ్లు గొర్రె ఉన్ని కలుపుతారు. రోజూ వాడుకోవడానికి నా ఓటు ఆ కలనేతకే.

అంగోరా మేక ఇచ్చేది మొహేర్. అదీ నున్ననే, మెరుపెక్కువ. కానీ వెంట్రుక పొడవు కావడంతో, దువ్వి పైకి లేపిన నూగుకు రెండో కొస దారంలోనే చిక్కుకుని ఉంటుంది. అంగోరా అంతగా రాలదు. పెద్ద మేకలది ముతక, మెడ దగ్గర గుచ్చుతుంది. పిల్లలదైతే మెత్తన.

పెరూ కొండల అల్పాకా ఉన్ని వెచ్చదనంలో గొర్రె ఉన్నికి ఏమాత్రం తీసిపోదు. కొత్తలో కొంత రాలుతుంది. దీని అసలు ఇబ్బంది వేరు: వంకీలు తక్కువ కాబట్టి సాగితే మళ్లీ వెనక్కి రాదు. బరువైన స్వెటర్‌ను హ్యాంగర్‌కు వేలాడదీస్తే కిందికి దిగిపోతుంది. మడతపెట్టే ఉంచాలి.

కొనేముందు ముదురురంగు గుడ్డతో నాలుగైదుసార్లు రుద్ది చూడండి. రెండుమూడు పోగులు అంటితే సరే, గుడ్డంతా తెల్లబడితే ఆఫీసు కోటు మీదికి అది పనికిరాదు.

ఉతకడంలో నాలుగింటికీ పద్ధతి ఒకటే. మామూలు సబ్బుపొడి వద్దు. మరకల్ని తినే ఎంజైములు చాలా పొడుల్లో ఉంటాయి, అవి ఉన్నిలోని ప్రొటీన్‌నూ తింటాయి. ఉన్నిబట్టల లిక్విడ్‌ను 30 డిగ్రీలు దాటని నీళ్లలో కలిపి, పది నిమిషాలు నానబెట్టి, మెల్లగా అదమండి. జాడించే నీళ్లూ అదే వేడిలో ఉండాలి. వేడినీళ్లలో రుద్దితే పోగులు పెనవేసుకుని బట్ట కుంచించుకుపోయి దుప్పటిలా గట్టిపడుతుంది. ఇక దాన్ని బాగుచేయలేం. ఈ ముప్పు అంగోరాకు ఎక్కువ, మొహేర్‌కు తక్కువ. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. దాచేముందు మాత్రం తప్పక ఉతకండి. చెమట, కూర మరకలున్న చోటే పురుగు ముందు పడుతుంది.