చీర రంగు మార్చే ఫోటో ఎక్కడికి వెళ్తోంది?

2025 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నిండా చీరలే. మామూలు సెల్ఫీ ఒకటి గూగుల్ జెమినీకి ఇస్తే చాలు, పాత హిందీ సినిమా నాయికలా షిఫాన్ చీర కట్టి తిరిగిచ్చేది. ఆ సందట్లోనే ఒకమ్మాయి పెట్టిన పోస్టు కలకలం రేపింది. తాను పొడుగు చేతుల డ్రెస్సులో దిగిన ఫోటో ఇచ్చానని, చీర బొమ్మలో మాత్రం తన చేతి మీద నిజంగానే ఉన్న పుట్టుమచ్చ కనిపించిందని దాని సారాంశం. ఫోటోలో లేని ఒంటిని ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది కాబట్టి అది కాకతాళీయమే కావచ్చు. కానీ దుస్తులు మార్చమని ఇచ్చిన ఫోటో ఎవరి కంప్యూటర్లోకి వెళ్తుందన్న ప్రశ్న అప్పుడే చాలామందికి తట్టింది.

ఫోన్ యాప్ అయితే ప్రమాదం, కంప్యూటర్ అయితే క్షేమం అని చాలామంది లెక్క. ఇది సగమే నిజం. కంప్యూటర్లో నడిచే ఫొటోషాప్‌లోనూ జెనరేటివ్ ఫిల్ వాడితే పని అడోబీ సర్వర్లలో జరుగుతుంది. ఫోన్లో ఉండే స్నాప్‌సీడ్ మాత్రం నెట్ లేకపోయినా రంగులు సవరిస్తుంది. బ్రౌజర్లో తెరుచుకునే ఫోటోపీ చూడ్డానికి వెబ్‌సైటే అయినా, మన ఫైలును మన యంత్రంలోనే ఉంచి పనిచేస్తుంది. చూడాల్సింది పరికరాన్ని కాదు, పని జరిగే చోటును.

ఆ చోటును కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. యాప్ తెరిచి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, అప్పుడు డ్రెస్సు మార్చమనాలి. తయారుగా ఉన్న కోటు బొమ్మను మెడ కింద అతికించే యాప్‌లకు నెట్ అవసరం ఉండదు. కొత్త బట్టను సృష్టించి తొడిగే ఉచిత యాప్‌లు మాత్రం చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఆగిందంటే ఫోటో సర్వర్‌కు వెళ్తుండవచ్చు అన్నమాట. ఆగకపోతే పని ఫోన్లోనే జరిగిందని తెలుస్తుంది, అంతే. నెట్ తిరిగొచ్చాక ఆ యాప్ ఏం పంపుతుందో ఈ పరీక్ష చెప్పదు. అందుకే గ్యాలరీ మొత్తానికి అనుమతి ఇవ్వకూడదు. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫోటోలు మాత్రమే చూపించే వీలుంది. ఐఫోన్లో అది 2020లోనే వచ్చింది.

ఇక ఫోటో ఇల్లు దాటకుండా ఎంత పని చేయొచ్చో చూద్దాం. ఆకుపచ్చ పట్టుచీరను మెరూన్ చేయాలి, జరీ అంచు మాత్రం బంగారు రంగులోనే ఉండాలి. ఉచితంగా దొరికే జింప్‌ను కంప్యూటర్లో వేసుకుని, ముందుగా లేయర్‌కు నకలు తీసుకోవాలి. Free Select పనిముట్టుతో అంచును వదిలేసి చీర ఒడలు చుట్టూ గీత గీయాలి. Select మెనూలోని Feather తో ఆ గీతను రెండు మూడు పిక్సెళ్లు మెత్తబరచాలి. తర్వాత Colors మెనూలో Hue-Saturation తెరిచి, Hue మీటను ఆకుపచ్చ ఎరుపయ్యేదాకా జరిపి, Lightness కాస్త తగ్గిస్తే మెరూన్ వస్తుంది. మడతలు, నీడలు చెక్కుచెదరవు, ఎందుకంటే మారింది రంగే.

గీత గీయడానికే ఓపిక కావాలి. జడ, వేళ్లు చీర మీద పడ్డ చోట చేయి తిరగాలి. యాప్ క్షణాల్లో ఇచ్చేదానికి ఇక్కడ పూట గడిచినా ఆశ్చర్యం లేదు. తెల్లచీర అయితే Hue మీట ఎంత జరిపినా ఏమీ కాదు, తెలుపులో మార్చడానికి రంగే లేదు మరి. అక్కడ Colorize వాడి, Lightness కూడా తగ్గించాలి. పని బాగా కుదిరిందో లేదో గడ్డం కింద, మోచేతి లోపల చూస్తే తెలుస్తుంది: పాత చీర పచ్చదనం చర్మం మీద ప్రతిఫలించి అలాగే మిగిలిపోతుంది. సర్వర్ యాప్‌ల తప్పులు వేరు. వాటిలో జరీ బుటాలు కొత్తవి పుట్టుకొస్తాయి, గాజుల లెక్క మారుతుంది, ఒక్కోసారి ముఖమే కొద్దిగా వేరే మనిషిదవుతుంది. పెళ్లిసంబంధానికి పంపే ఫోటోలో ఇది నవ్వులాట కాదు. అమెరికా వీసా ఫోటో అయితే అసలు ఏ విధంగానూ రూపం మార్చకూడదన్నది నిబంధన.

ఫోటోతో పాటు కనిపించకుండా వెళ్లేది ఇంకొకటుంది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఎక్కడ దిగామో ఆ అక్షాంశ రేఖాంశాలు ఫైల్లోనే రాసి ఉంటాయి. ఇంట్లో తీసిన ఫోటో అంటే ఇంటి చిరునామా ఇచ్చినట్టే. జింప్ నుంచి ఎగుమతి చేసేటప్పుడు Exif గడిలో టిక్కు తీసేస్తే ఆ వివరం పోతుంది.

యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే సర్వర్లో ఉన్న కాపీ పోదు. అమెరికాలో ఎవర్ అనే ఫోటో యాప్ ఖాతా మూసేస్తే ఫోటోలు చెరిపేస్తామని చెప్పి, చాలాకాలం చెరపలేదు. పైగా జనం ఫోటోలతో ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకుంది. 2021లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ఫోటోలతో పాటు వాటితో తయారైన సాఫ్ట్‌వేర్ మోడళ్లను కూడా చెరిపేయించింది. కాబట్టి యాప్‌ను తీసేసే ముందే దాని సెట్టింగుల్లో ఖాతా తొలగింపు వెతికి, అది పూర్తయ్యాకే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ప్లేస్టోర్‌లో యాప్ పేజీలో ఉండే డేటా సేఫ్టీ పట్టిక కూడా చదవొచ్చు. అయితే అందులో ఉండేది యాప్ తయారుచేసినవాళ్లు తమ గురించి తాము ఇచ్చుకున్న వివరణే.