నాన్నకు కట్టే అద్దె

జనవరి రాగానే కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల నుంచి ఉద్యోగులకు ఒక మెయిల్ వస్తుంది. పన్ను మినహాయింపుల రుజువులు ఫలానా తేదీలోగా ఇవ్వాలని అందులో ఉంటుంది. ఆ సాయంత్రమే స్టేషనరీ దుకాణంలో అద్దె రసీదుల పుస్తకం కొని, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న తండ్రి ముందు పెట్టి, "నాన్నా, ఇక్కడ సంతకాలు పెట్టు" అనే కొడుకులున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. పన్నెండు నెలల రసీదులు పది నిమిషాల్లో తయారవుతాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే సిరాతో ఉంటాయి. ఏప్రిల్ నుంచి ఆ రోజు దాకా కొడుకు ఖాతా నుంచి తండ్రి ఖాతాకు అద్దె పేరుతో ఒక్క రూపాయీ వెళ్లి ఉండదు.

తల్లిదండ్రులకు అద్దె కట్టి ఇంటి అద్దె భత్యం మీద, అంటే హెచ్‌ఆర్‌ఏ మీద, మినహాయింపు పొందడం తప్పేమీ కాదు. ఇంటి యజమాని తండ్రి అయితే మినహాయింపు లేదని చట్టంలో ఎక్కడా లేదు. అయితే అది నిజంగా అద్దె అయి ఉండాలి. ఎంత మినహాయింపు వస్తుంది, దాన్ని ఏది నిలబెడుతుంది, ఏది పడగొడుతుంది అన్నది ఒక ఇంటి లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు ఉందనుకుందాం. అది రిటైరైన ఉపాధ్యాయుడైన తండ్రి పేరు మీద ఉంది. కింద తల్లిదండ్రులు, పైన కొడుకు, కోడలు ఉంటారు. కొడుకు జీతం ఏడాదికి 25 లక్షలు. అందులో బేసిక్ నెలకు 80,000, హెచ్‌ఆర్‌ఏ 40,000, డీఏ లేదు. పై అంతస్తుకు అతను తండ్రికి నెలకు 40,000 అద్దె ఇస్తున్నాడు. ఆ చుట్టుపక్కల అంత ఇంటికి బయటివాళ్లు ఇచ్చేదీ దాదాపు అంతేననుకుందాం. ఇది ముఖ్యం. చుట్టుపక్కల పాతిక వేలు పలికే ఇంటికి తండ్రికి యాభై వేలు చూపిస్తే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

ఈ లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, అంటే 1961 చట్టం కిందిది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతుంది కాబట్టి ఆ తేదీ తర్వాతి అద్దెను కొత్త నిబంధనలతోనే లెక్కగట్టుకోవాలి.

పాత చట్టంలో మూడు అంకెలు రాసుకుని, వాటిలో ఏది తక్కువో అంతవరకే మినహాయింపు ఇస్తారు. మొదటిది ఏడాదిలో చేతికొచ్చిన హెచ్‌ఆర్‌ఏ. మన ఉదాహరణలో అది 4,80,000. రెండోది కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేస్తే మిగిలేది. ఇక్కడ జీతమంటే మొత్తం జీతం కాదు. బేసిక్, దానితో పాటు రిటైర్మెంట్ ప్రయోజనాల లెక్కలోకి వచ్చే డీఏ, అమ్మకాల మీద నిర్ణీత శాతంగా ఇచ్చే కమీషన్ ఉంటే అది, ఇంతవరకే. ఈ కొడుకు ఏడాది బేసిక్ 9,60,000. అందులో పదో వంతు 96,000. కట్టిన అద్దె 4,80,000లోంచి అది తీసేస్తే 3,84,000. మూడోది ఆ జీతంలో 40 శాతం. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలలో ఉండేవాళ్లకైతే 50 శాతం. హైదరాబాద్ ఎంత పెరిగినా ఆ పాత జాబితాలో లేదు, బెంగళూరు కూడా లేదు. కాబట్టి 9,60,000లో 40 శాతం, అంటే ఇదీ 3,84,000.

మూడింటిలో తక్కువది 3,84,000. అంతవరకు పన్ను లేదు. హెచ్‌ఆర్‌ఏలో మిగిలిన 96,000 జీతంలో కలిసి పన్నుకు వస్తుంది. ఏడాది మధ్యలో ఇల్లు మారినా, బేసిక్ పెరిగినా, అద్దె పెరిగినా పన్నెండు నెలలు కలిపి ఒకేసారి లెక్కకట్టకూడదు. మారిన నెల నుంచి విడిగా వేసి రెండూ కూడాలి.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. 3,84,000 మీద 30 శాతం పన్ను, నాలుగు శాతం సెస్సు కలిపితే 1,19,808 రూపాయలు మిగిలాయని సంబరపడతారు. కానీ హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. ప్రత్యేకంగా పాతది ఎంచుకోకపోతే ఉద్యోగి తనంతట తానే కొత్త విధానంలోకి వెళ్తాడు. కాబట్టి అసలు లాభం తెలియాలంటే రెండు విధానాల్లోనూ పన్ను వేసి చూడాలి.

కొత్త విధానంలో ఇతనికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 24,25,000 మీద సెస్సుతో కలిపి 3,19,800 పన్ను పడుతుంది. ఇక పాత విధానంలో అతనికి ఉన్నవన్నీ కలుపుదాం. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్ వగైరా లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో సొంతంగా వేసిన 50,000, తనకూ అరవై దాటిన తల్లిదండ్రులకూ ఆరోగ్య బీమా ప్రీమియం 75,000. రాజమండ్రిలో అప్పు చేసి కొన్న ఫ్లాట్ మీద వడ్డీ రెండు లక్షలు. వేరే ఊళ్లో సొంత ఇల్లున్నా ఉద్యోగం చేసే చోట అద్దెకుంటే హెచ్‌ఆర్‌ఏకు అడ్డు లేదు. వీటికి 3,84,000 హెచ్‌ఆర్‌ఏ కలిపితే మొత్తం 9,09,000. వృత్తి పన్ను లాంటి చిన్నవి పక్కనపెడితే పాత విధానంలో పన్ను 3,01,392 వస్తుంది.

తేడా 18,408 రూపాయలు. లక్షా ఇరవై వేలు అనుకున్నది ఇంతకు దిగింది. పైగా, ఇన్ని మినహాయింపులూ పూర్తిగా వాడుకున్నవాడికే ఈ మాత్రం మిగిలింది. గృహరుణం లేనివాడికి కొత్త విధానమే చవక. జీతం 12,75,000 దాటనివాళ్లకైతే 2025-26లో కొత్త విధానంలో పన్నే పడదు. అలాంటి ఉద్యోగి అద్దె రసీదుల కోసం తండ్రిని ఇబ్బంది పెట్టాల్సిన పని లేదు. అందుకే రసీదుల పుస్తకం కొనేముందు ఈ పోలిక చూసుకోవాలి.

పాతదే లాభమని తేలిందనుకుందాం. అప్పుడు తండ్రీకొడుకుల మధ్య అద్దె ఎలా నడవాలి?

ముందు ఇల్లు ఎవరి పేరున ఉందో చూడాలి. దస్తావేజులో అమ్మ పేరుంటే అద్దె అమ్మ ఖాతాకే వెళ్లాలి. ఇంటి వ్యవహారాలన్నీ నాన్నే చూస్తారని ఆయన ఖాతాకు వేయడం మన ఇళ్లలో మామూలుగా జరిగే పొరపాటు. ఇద్దరి పేర్లూ ఉంటే వాటాల ప్రకారం ఇద్దరికీ వేయాలి. దస్తావేజులో కొడుకు పేరు కూడా ఉంటే తన వాటాకు తానే అద్దె కట్టుకున్నట్టవుతుంది, అది చెల్లదు.

తర్వాత ఒప్పందం. పై అంతస్తు, ఇన్ని గదులు, నెలకు ఇంత, ఫలానా తేదీ నుంచి అని స్టాంపు పేపరు మీద రాసుకోవాలి. ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు ఏ భాగాన్ని అద్దెకిచ్చారో అందులో స్పష్టంగా ఉండాలి. ఏప్రిల్ 1 తేదీ వేసిన ఒప్పందం జనవరిలో కొన్న స్టాంపు పేపరు మీద ఉంటే, అమ్మిన తేదీ ఆ పేపరు మీదే కనబడుతుంది.

అన్నిటికంటే బలమైన రుజువు బ్యాంకు స్టేట్‌మెంటు. ప్రతి నెలా ఒక తేదీకి 40,000 కొడుకు ఖాతాలోంచి తండ్రి ఖాతాకు వెళ్లాలి. ఆరో తేదీకల్లా అదే 40,000 తిరిగి కొడుకు ఖాతాకు వచ్చేస్తుంటే, అది అద్దె అని ఎవరూ నమ్మరు. తండ్రి కొడుకుకు డబ్బివ్వడంలో తప్పు లేదు, కానీ ప్రతి నెలా అదే మొత్తం అలా వెనక్కి రావడం వేరు.

కంపెనీకి ఇచ్చే ఫారం 12బీబీలో యజమాని పేరు, చిరునామా రాయాలి. ఏడాది అద్దె లక్ష దాటితే పాన్ కూడా తప్పనిసరి. రసీదు మీద నెల, మొత్తం, ఇంటి చిరునామా, యజమాని సంతకం ఉండాలి. 5,000 మించి నగదుగా ఇస్తే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. నెల అద్దె 50,000 దాటితే యజమాని తండ్రి అయినా సరే, ఉద్యోగి 2 శాతం టీడీఎస్ పట్టి ఫారం 26క్యూసీతో కట్టాలి. ఇక్కడ 40,000 కాబట్టి ఆ బాధ లేదు.

పాన్ ఇచ్చాక ఆ అద్దె తండ్రి ఆదాయంగా కనబడాలి. ఈ ఉపాధ్యాయుడి పెన్షన్ ఏడాదికి ఆరు లక్షలు అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 5,25,000. అద్దె 4,80,000లో మరమ్మతుల కింద చట్టం ఇచ్చే 30 శాతం తీసేస్తే 3,36,000 మిగులుతుంది. ఖర్చు పెట్టారా లేదా అని ఎవరూ అడగరు. రెండూ కలిపి 8,61,000. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి ఆయనకు పన్ను సున్నా. పన్ను లేదు కదా అని రిటర్న్ మానేయకూడదు. మొత్తం నాలుగు లక్షలు దాటింది కాబట్టి దాఖలు చేయాల్సిందే. తండ్రికి పెద్ద పెన్షన్, ఎఫ్‌డీల వడ్డీ ఉండి మొత్తం 12 లక్షలు దాటితే, కొడుక్కి మిగిలిన 18,000 తండ్రి దగ్గర పోయే అవకాశం ఉంది.

ఈ రెండో సగం వదిలేస్తే ఏమవుతుందో 2017లో ముంబై ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పులో కనిపిస్తుంది. ఒక ఉద్యోగిని తన తల్లికి అద్దె కడుతున్నానని హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అడిగింది. రసీదులున్నాయి. అద్దె నగదుగా ఇచ్చానంది, కానీ అంత నగదు బ్యాంకు నుంచి తీసిన ఆధారం లేదు. అద్దె ఒప్పందం లేదు. తల్లి ఆ ఆదాయాన్ని రిటర్న్‌లో చూపలేదు. ఆమె నిజానికి భర్త ఫ్లాట్‌లోనే ఉంటోందని విచారణలో తేలింది. ట్రిబ్యునల్ మినహాయింపును తిరస్కరించింది. తల్లికి అద్దె ఇవ్వడం తప్పని ఆ తీర్పు అర్థం కాదు. అద్దె ఇచ్చినట్టే రుజువు కాలేదు.

ఇప్పుడు ఈ పోలిక కంప్యూటరే చూస్తుంది. ఉద్యోగి చూపిన అద్దె, పాన్ ఇచ్చిన యజమాని చూపిన ఆదాయం సరిపోకపోవడాన్ని కొన్ని పెద్ద మొత్తాల కేసుల్లో పరిశీలించినట్టు కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2024 ఏప్రిల్‌లో స్వయంగా చెప్పింది, పాత కేసులన్నీ తిరగదోడే ప్రత్యేక డ్రైవ్ ఏదీ లేదని కూడా అప్పుడే స్పష్టం చేసింది. కావాలని తప్పు చూపారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడే నిబంధన చట్టంలో ఉంది. 18,000 కోసం అంత దూరం వెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

జనవరిలో కంపెనీకి రుజువులు ఇవ్వలేకపోయినవాళ్లు, నిజంగా అద్దె కట్టి ఉంటే, రిటర్న్‌లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అడగవచ్చు. ఒప్పందం, రసీదులు, స్టేట్‌మెంటు దగ్గర ఉంచుకుంటే చాలు. కంపెనీ ఎక్కువ కోసిన పన్ను రిఫండ్‌గా వస్తుంది. అయితే పాత విధానం ఎంచుకునే హక్కు గడువులోగా, సాధారణంగా జూలై 31లోగా, రిటర్న్ వేసినవాళ్లకే ఉంటుంది. ఆగస్టులో ఆలస్యంగా వేస్తే కొత్త విధానమే వర్తిస్తుంది, ఏడాదంతా నాన్న ఖాతాకు నెలనెలా అద్దె సరిగ్గా వెళ్లినా సరే.