మెడ కొలిచాకే హారం

16 అంగుళాల ముత్యాల దండ ఒకటి కొని అక్కాచెల్లెళ్లు మార్చుకుని వేసుకుందామనుకున్నారనుకోండి. అక్క మెడ చుట్టుకొలత 15 అంగుళాలు, చెల్లెలిది పన్నెండున్నర. చెల్లెలి మెడలో ఆ దండ జారి గొంతు గుంట దగ్గర హాయిగా నిలుస్తుంది. అక్క హుక్కు పెట్టుకోగానే ముత్యాలు చర్మాన్ని ఒత్తుతాయి, మింగినప్పుడల్లా దండ పైకీ కిందికీ కదులుతుంది. నగ మీది చీటీలో ఇద్దరికీ ‘చోకర్’ అనే ఉంటుంది. అక్కకు మాత్రం అది ఊపిరాడనివ్వదు.

మెడకు అంటి ఉండే 14–16 అంగుళాల దండను చోకర్ అంటారు. కాలర్‌బోన్ మీదికో, దానికి కాస్త కిందికో దిగే 17–19 అంగుళాలది ప్రిన్సెస్. ఎదపై భాగానికి వచ్చే 20–24 అంగుళాలది మాటినీ. ఎద దాటి వేలాడే 28–36 అంగుళాలది ఒపెరా, అంతకన్నా పొడవైతే రోప్. ఈ పేర్లు ముత్యాల దండల లెక్కలో పాశ్చాత్య దేశాల్లో స్థిరపడి మన దుకాణాలకు వచ్చాయి. ఆ లెక్కలన్నీ 13–14 అంగుళాల మెడను ఊహించుకుని రాసినవి. మీ మెడ అంతకన్నా లావైతే ప్రతి పేరూ ఒక మెట్టు పైకి జరుగుతుంది. అక్క చోకర్‌లా వేసుకోవాలంటే ప్రిన్సెస్ కొలత అడగాలి.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందే మెడ కొలుచుకోవాలి. దర్జీ టేపు గానీ, ఒక దారం గానీ దండ ఆనే చోట మెడ చుట్టూ తిప్పండి. లోపల ఒక వేలు దూరేంత వదులుంటే చాలు. సన్నటి గొలుసైతే ఆ కొలతకు ఒక అంగుళం కలిపితే చోకర్ సరిపోతుంది. పూసలూ ముత్యాలైతే ఇంకో లెక్క ఉంది, చాలామంది పొరబడేది దీని దగ్గరే. దండను బల్ల మీద పరిచి కొలిచినప్పుడు వచ్చే పొడవు పూస నడిమి గుండా వెళ్లేది. మెడకు తగిలేది పూస లోపలి అంచు. దండ గుండ్రంగా తిరిగినప్పుడు ఆ లోపలి చుట్టు, పూస లావుకు మూడు రెట్లకు పైగా తగ్గిపోతుంది. 8 మిల్లీమీటర్ల ముత్యాలకు ఇది సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం. అక్క దండలో మెడకు మిగిలింది సరిగ్గా 15 అంగుళాలే. ఆమె మెడా అంతే కదా, ఇక వదులెక్కడిది? 8 మిల్లీమీటర్ల ముత్యాల్లో ఆమె 17 అంగుళాలది తీసుకోవాలి. ముత్యాలు ఇంకా లావైతే మరికాస్త పెంచుకోవాలి.

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనేవారికి ఈ లెక్క బాగా పనికొస్తుంది. అక్కడ వదులు సరాలు ఎంచుకుంటే దండగా గుచ్చి ఇస్తారు. వదులు సరం సాధారణంగా 16 అంగుళాలుంటుంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి, చివర హుక్కు పెడితే అదే సరం పదిహేడున్నర, 18 దాకా పెరుగుతుంది. చోకర్ కావాలంటే గుచ్చకముందే ఎన్ని ముత్యాలు తీసేయాలో చెప్పాలి. తీసిన ముత్యాలు అడిగి తెచ్చుకోండి, తర్వాత పొడిగించాలన్నా, చెవిపోగులు చేయించాలన్నా ఉంటాయి. ఏడు వరసల సత్‌లడా అయితే ప్రతి వరసా పైదానికన్నా కాస్త పొడవుండాలి. అన్నీ ఒకే పొడవైతే ఒకదాని మీదొకటి ఎక్కి ముద్దగా కనిపిస్తాయి.

పొడవు తేలాక జాకెట్టు మెడ చూసుకోవాలి. నేను గట్టిగా నమ్మే సూత్రం ఒక్కటే: నగ పూర్తిగా చర్మం మీదైనా ఉండాలి, పూర్తిగా బట్ట మీదైనా ఉండాలి. జాకెట్టు అంచు నగ మధ్యలోంచి పోతే రెండూ పాడవుతాయి. బోట్ నెక్ జాకెట్టు మీద 18 అంగుళాల దండ సరిగ్గా ఈ తంటాలోనే పడుతుంది, అంచు మీద సగం ఎక్కి సగం దిగుతుంది. బోట్ నెక్‌కు మెడకు అంటే చోకరైనా వేయాలి, లేదంటే ఒపెరా పొడవు హారం బట్ట మీదికి వదలాలి. కాలర్ నెక్‌కు, హై నెక్‌కు పొడవు హారం ఒక్కటే దారి. వెడల్పు గుండ్రటి మెడ జాకెట్టుకు ప్రిన్సెస్ చక్కగా అమరుతుంది, దండ వంపూ అంచు వంపూ ఒకే తీరున సాగుతాయి కాబట్టి. వీ నెక్‌కు లాకెట్టున్న గొలుసు మేలు. లాకెట్టు బరువుకు గొలుసు కూడా కోణంగా దిగుతుంది. లాకెట్టు కొస అంచుకు కనీసం అంగుళం పైనే ఆగాలి.

పొట్టి మెడ, నిండు మెడ ఉన్నవారిని చోకర్ వేసుకోవద్దనే సలహా తరచూ వినిపిస్తుంది. నేను అంతదాకా పోను. వెడల్పాటి పట్టీలాంటి చోకర్ మెడను ఇంకా పొట్టిగా చూపిస్తుందనేది నిజం. ఒకే వరస సన్నటి చోకర్ కాస్త వదులుగా, గొంతు గుంటలో ఆనేలా వేస్తే ఎవరికైనా బాగుంటుంది. పొడవాటి సన్న మెడకు మాత్రం వెడల్పు చోకర్, కంటె, పైకి పేర్చిన వరసలు నిండుదనం తెస్తాయి. నిండు ఎద ఉన్నవారికి ఇబ్బంది పెట్టేది మాటినీ. 22–24 అంగుళాల గొలుసు ఎద ఎత్తు దగ్గర ఆగి, లాకెట్టు గాలిలో ఊగుతుంది. రెండంగుళాలు తగ్గిస్తే లాకెట్టు అంగుళం పైకి వస్తుంది. గొలుసు రెండు వైపులా వేలాడుతుంది కాబట్టి పొడవులో తగ్గించినదాంట్లో దాదాపు సగమే ఎత్తులో తేడాగా కనిపిస్తుంది.

పెళ్లికూతురి నగల వరసకు కూడా ఈ సగం లెక్కే ఆధారం. రెండు హారాల మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ కనిపించాలంటే పొడవులో నాలుగంగుళాల తేడా కావాలి. చోకర్ తర్వాత 20–21 అంగుళాల గుట్టపూసల హారం, దాని కింద 30 దాటిన కాసులపేరు వేస్తే దేనికది విడిగా కనబడుతుంది. మెడలో ఇప్పటికే ఉన్న పుస్తెలతాడును మరచిపోకూడదు. అది చాలామందికి 24 నుంచి 30 అంగుళాల మధ్య ఉంటుంది. కొత్త హారం అదే పొడవైతే రెండూ పెనవేసుకుంటాయి, ముత్యాలైతే బంగారు తాడు రాపిడికి మెరుపు కోల్పోతాయి.

ఒపెరా పొడవు సాయంత్రపు విందుకు, రిసెప్షన్‌కు, నిలబడి పలకరించే వేడుకలకు బాగుంటుంది. హోమం ముందు వంగే పెళ్లికూతురికి అది ముందుకు వేలాడుతుంది కనుక పైటకు పిన్నుతో పట్టి ఉంచాలి. చీర కట్టినప్పుడు ఎడమ భుజం మీది కుచ్చిళ్లు హారాన్ని సగం కప్పేస్తాయి. హారాన్ని పైటకు పైన వేసి, ఎడమ వైపు ఒక కుచ్చిలికి లోపలి నుంచి పిన్ను పెడితే కదలదు. ఆఫీసుకు ఐడీ కార్డు తాడు వేసుకునేవారికి మాటినీ వృథా, కార్డు దాన్ని మూసేస్తుంది. 16–18 అంగుళాల సన్న గొలుసు తాడుకు పైన కనిపిస్తూ ఉంటుంది.

32 అంగుళాల ముత్యాల దండను రెండు పేటలుగా చుట్టి చోకర్‌లా వాడొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. 7 మిల్లీమీటర్ల ముత్యాలైతే ఒక్కో చుట్టు లోపల మిగిలేది 15 అంగుళాలకు కాస్త ఎక్కువ. చెల్లెలికి వదులుగా సరిపోతుంది, అక్కకు బిగుసుకుంటుంది. అక్క 36 అంగుళాలది తీసుకుంటే ఒక పేటగా ఒపెరా, రెండు పేటలుగా కాలర్‌బోన్ మీద ఆనే దండ, రెండూ దొరుకుతాయి. ఇప్పటికే పొట్టి దండ కొనేసి ఉంటే హుక్కు దగ్గర రెండంగుళాల అదనపు గొలుసు వేయించుకోవచ్చు. జడ వేసుకుంటే అది కనిపించదు. ముడి వేసుకుని వీపు లోతున్న జాకెట్టు వేసేవారు మాత్రం దాని బదులు కుచ్చున్న సరిగ దారం కట్టించుకోవాలి.