పలకరించినాక పేరు గుర్తు రాకపోతే?



పోయిన సెలవులకు అమ్మతో కలిసి హిందూపురంలో రైలెక్కి ధర్మవరం పోతున్నాను. పెనుకొండలో ఒక అమ్మాయి ఎక్కింది. చూడగానే "ఏమే, బాగుండావా!" అని లేచి చేతులు పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది, ఆమె పేరు నాకు గుర్తు లేదు. ఇంతలో అమ్మ "ఎవరే ఈ పాప, పేరేమి?" అని అడిగింది. తొందరలో ఏదో ఒక పేరు చెప్పేసినాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగింది.

ముఖం గుర్తుండి పేరు ఎందుకు పోతుంది? 1987లో బ్రిటన్‌లో పరిశోధకులు కొందరికి తెలియని ముఖాలు చూపించి, వాళ్ల పేర్లు, పనులు నేర్పించినారు. పేర్ల కంటే పనులే బాగా గుర్తున్నాయి. ఇంగ్లీషులో బేకర్ అంటే రొట్టెలు కాల్చే మనిషి, అది కొందరి ఇంటిపేరు కూడా. అట్లా ఒకే మాట పేరైతే మరిచిపోయినారు, పనైతే గుర్తుంచుకున్నారు. "ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది" అంటే మనకు మగ్గం కనబడుతుంది. ఉత్త పేరుకు అట్లాంటి బొమ్మ ఉండదు.

అంటే పేరు మరిచిపోతే మనిషిని మరిచినట్టు కాదు. కానీ ఆ సంగతి ఎదుటి మనిషికి తెలీదు. మనమే చెప్పాలి. ముందు గుర్తున్నది చెప్పి, తర్వాత పేరు అడగాలి. పేరే ముందు అడిగితే "నేనెవరో తెలీకుండానే పలకరించింది" అనుకుంటారు.

నేను కొంచెంసేపటికి ధైర్యం చేసి అన్నాను: "తప్పు పేరు చెప్పినాను. నీ పేరు నోటికి రాలేదు. కానీ ఆటల పోటీల్లో నా చెప్పు తెగితే, నీ పిన్నీసు తీసి పెట్టింది నువ్వే కదా." ఆమె నవ్వి, "అది గుర్తుందా!" అని తన పేరు చెప్పింది. నేను వెంటనే ఆ పేరుతోనే పిలిచి అమ్మకు చూపించినాను. ధర్మవరంలో దిగేటప్పుడు ఇంకోసారి పిలిచినాను. అట్లా రెండు మూడుసార్లు పలికితేనే పేరు నిలుస్తుంది.

కొందరు అడగకుండా పక్కనున్న స్నేహితురాలిని ముందుకు తోసి "ఇది మా ఫ్రెండ్" అంటారు. ఎదుటి మనిషి తన పేరు తానే చెప్తుందని ఆశ. ఒక్కోసారి చెప్తారు, ఒక్కోసారి ఉత్తగా తల ఊపుతారు. అప్పుడు అడగక తప్పదు. ఆలస్యమైన కొద్దీ అడగడం కష్టమవుతుంది.

పెద్దవాళ్లతో ఈ చిక్కు తక్కువ. పెద్దమ్మా, మామా, సార్ అంటే చాలు, పేరుతో పనిలేదు. మన ఈడు వాళ్లకే పేరు కావాలి.

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. కానీ ఇప్పుడు ఎవరు అడిగినా చెప్పగలను.

— 9వ తరగతి విద్యార్థిని