నిండని తొట్టె లెక్క

ఏడో తరగతి దాటిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చేసిన లెక్క ఇది. ఒక కుళాయి ఖాళీ తొట్టెను 60 నిమిషాల్లో నింపుతుంది. అడుగునున్న తూము నిండు తొట్టెను 80 నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తెరిస్తే తొట్టె ఎంతసేపటికి నిండుతుంది? అరవయ్యో వంతులోంచి ఎనభయ్యో వంతు తీసేస్తే రెండువందల నలభయ్యో వంతు మిగులుతుంది. కాబట్టి జవాబు 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. పరీక్షలో దీనికి పూర్తి మార్కులు పడతాయి.

తూము నిజంగా తొట్టె అడుగునే ఉంటే మాత్రం ఆ తొట్టె నాలుగు గంటలకే కాదు, నాలుగు రోజులకు కూడా నిండదు. సగం కూడా కాకముందే నీటిమట్టం ఒకచోట ఆగిపోతుంది. అది ఎక్కడ ఆగుతుందో కాగితం మీదే చెప్పేయవచ్చు.

ఇంజినీర్లు ఇలాంటి లెక్కకు కూర్చున్నప్పుడు ముందుగా చేసే పని ఒక గీత గీయడం. తొట్టె చుట్టూ ఊహలో ఒక గీత గీసి, అది కుళాయి మూతిని ఒకచోట, తూము మూతిని ఇంకోచోట కోసేలా చూస్తారు. ఆ గీత లోపలి చోటును వాళ్లు కంట్రోల్ వాల్యూమ్ అంటారు. ఇక లోపల నీరు ఎలా సుడులు తిరుగుతోంది, కుళాయి ధార ఎంత నురగ లేపుతోంది అన్నవి వాళ్లకు అక్కర్లేదు. గీతను దాటి లోపలికి వచ్చిన ద్రవ్యరాశిలోంచి గీతను దాటి బయటికి పోయినదాన్ని తీసేస్తే మిగిలేదే లోపల పెరిగిన నిల్వ. నీరు పుట్టదు, మాయం కాదు కాబట్టి ఈ లెక్క ప్రతి క్షణానికీ సరిపోయి తీరాలి.

లెక్క నిజానికి కిలోల్లో జరగాలి. చన్నీళ్లు పోసి వేణ్ణీళ్లు తీసే గీజరులో ఒక లీటరు లోపలికి వెళితే లీటరుకన్నా కొంచెం ఎక్కువే బయటికి వస్తుంది, ఎందుకంటే వేడికి నీరు వ్యాకోచిస్తుంది. అక్కడ కూడా కిలోల లెక్క తప్పదు. మన తొట్టెలో వచ్చే నీరూ పోయే నీరూ ఒకే వేడిమిలో ఉంటాయి. ఒక లీటరు ఒక కిలోకు సమానమనుకోవచ్చు కాబట్టి ఇక లీటర్లలోనే మాట్లాడుకుందాం.

బడి లెక్క కూడా ఈ సూత్రం మీదే నడిచింది, సూత్రంలో లోపమేమీ లేదు. కానీ తూము ఎప్పుడూ ఒకే వేగంతో నీరు వదులుతుందని అది చెప్పకుండానే అనుకుంది. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో కూడా తొట్టె లెక్క ఉంది. నాలుగు ధారలు ఒక్కొక్కటిగా ఒక రోజు, అర రోజు, రోజులో మూడో వంతు, ఆరో వంతు కాలంలో తొట్టెను నింపుతాయి. అన్నీ కలిపి తెరిస్తే రోజులో పన్నెండో వంతు చాలు. అక్కడ అన్నీ నింపే ధారలే. పైనుంచి పడే ధారకు కింద ఎంత నీరుందన్నది పట్టదు కాబట్టి ఆ జవాబుకు ఏ అడ్డూ లేదు. ఖాళీ చేసే తూము వచ్చి చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది.

అడుగు రంధ్రంలోంచి నీరు ఎంత వేగంగా చిమ్ముతుందో ఇటలీకి చెందిన టోరిచెల్లి 1644లో అచ్చయిన తన పుస్తకంలో చెప్పాడు. రంధ్రం మీద ఎంత ఎత్తు నీరుంటే అంత ఎత్తునుంచి జారిపడిన వస్తువుకు ఎంత వేగం వస్తుందో, నీటికీ అంతే వేగం ఉంటుంది. అంటే వేగం ఎత్తుకు వర్గమూలంగా నడుస్తుంది. ఎత్తు నాలుగో వంతుకు పడితే ప్రవాహం సగానికి పడుతుంది, తొమ్మిదో వంతుకు పడితే మూడో వంతుకు పడుతుంది.

ఇప్పుడు ఒక నిజమైన తొట్టెను తీసుకుందాం. అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరు, ఎత్తు 120 సెంటీమీటర్లు, పట్టేది 1200 లీటర్లు. కుళాయి దాన్ని గంటలో నింపాలి కాబట్టి నిమిషానికి 20 లీటర్లు పోస్తుంది. తూము 80 నిమిషాల్లో ఖాళీ చేయాలి కాబట్టి సగటున నిమిషానికి 15 లీటర్లు వదలాలి. తొట్టె అడుగున సుమారు 15 మిల్లీమీటర్ల వ్యాసంతో పదునైన అంచున్న రంధ్రం పెడితే దాదాపు ఈ లెక్కే వస్తుంది.

సగటు 15 అయితే నిండుగా ఉన్నప్పుడు ఎంత? కుళాయి కట్టేసి నిండు తొట్టెను ఖాళీ చేస్తున్నామనుకోండి. మట్టం దిగే వేగం, మిగిలిన ఎత్తుకు వర్గమూలంగా ఉంటుంది. పైకి విసిరిన బంతికి కూడా ఇదే సంబంధం ఉంది. ఎక్కాల్సిన ఎత్తు ఎంత మిగిలిందో దాని వర్గమూలమే దాని వేగం. బంతి వేగం క్షణక్షణానికీ ఒకే మోతాదులో తగ్గుతూ సున్నాకు చేరినట్టే, తూము ప్రవాహం కూడా ఒకే మోతాదులో తగ్గుతూ సున్నాకు చేరుతుంది. అలా సమంగా సున్నాకు తగ్గే దేనికైనా మొదటి విలువ సగటుకు రెట్టింపు ఉండాలి. కాబట్టి నిండు తొట్టెనుంచి తూము నిమిషానికి 30 లీటర్లు వదులుతుంది. ఇంట్లో సరిచూసుకోదలచినవారికి ఒక గుర్తు చెబుతాను. ఎనభై నిమిషాల్లో మొదటి నలభైలోనే 900 లీటర్లు పోతాయి. మిగిలిన 300 లీటర్లు పోవడానికి మరో నలభై నిమిషాలు పడుతుంది.

జవాబు ఇక్కడే తేలిపోయింది. నిండు తొట్టెనుంచి పోయేది 30, వచ్చేది 20. కాబట్టి తొట్టె నిండనే నిండదు. రెండూ సమానమయ్యే చోట మట్టం ఆగుతుంది. పోయేది 30లో మూడింట రెండొంతులకు తగ్గాలి కాబట్టి ఎత్తు దాని వర్గం, అంటే తొమ్మిదింట నాలుగు వంతులు ఉండాలి. 120 సెంటీమీటర్లలో అది 53 సెంటీమీటర్లు, నీరు 533 లీటర్లు. దీన్నిబట్టి ఒక నియమం కూడా తేలుతుంది. అడుగు రంధ్రమున్న నిటారు తొట్టె నిండాలంటే, ఖాళీ అయ్యే కాలం నిండే కాలానికి రెట్టింపుకన్నా ఎక్కువ ఉండాలి.

అక్కడికి చేరే దారి కూడా గమనించదగ్గదే. మొదట్లో నీరు తక్కువ, తూము బలహీనం, కాబట్టి తొట్టె బడి లెక్క చెప్పినదానికన్నా వేగంగా నిండుతుంది. 12 సెంటీమీటర్లకు చేరడానికి తొమ్మిది నిమిషాలే పడుతుంది, బడి లెక్క ప్రకారమైతే ఇరవై నాలుగు పట్టాలి. 30 సెంటీమీటర్లకు 34 నిమిషాలు. తర్వాత మట్టం మెల్లగా నడుస్తుంది, 48కి చేరేసరికి గంటా నలభై ఎనిమిది నిమిషాలవుతాయి. బడి లెక్క నిండుతుందన్న నాలుగో గంట చివర తొట్టెలో ఉండేది 529 లీటర్లు. 533కు దగ్గరపడేకొద్దీ పెరుగుదల నత్తనడక నడుస్తుంది. చూసేవాళ్లకు మోటారు బలహీనపడిందేమో అనిపించినా, మోటారు మొదటి నిమిషంలో పోసినంతే పోస్తూ ఉంటుంది.

బడి పుస్తకం పూర్తిగా తప్పని కూడా అనలేం. మన మేడమీది ట్యాంకుకు తూము అడుగునే ఉండదు. దాని కిందనుంచి పైపు ఒకటి దిగి, కింది అంతస్తు కుళాయి దగ్గర తెరుచుకుంటుంది. ఆ కుళాయి ట్యాంకు అడుగుకు ఆరు మీటర్ల కింద ఉందనుకోండి. అప్పుడు వర్గమూలానికి లెక్కలోకి వచ్చే ఎత్తు ట్యాంకు నిండుగా ఉంటే 7.2 మీటర్లు, ఖాళీ కావస్తుంటే 6 మీటర్లు. ఈ రెండింటి వర్గమూలాల మధ్య తేడా పదో వంతు కూడా లేదు. అదే 80 నిమిషాల్లో ఖాళీ అయ్యే పైపైతే ప్రవాహం నిమిషానికి 15.7 నుంచి 14.3 లీటర్ల మధ్యే ఉంటుంది. కుళాయి, మోటారు కలిసి నడిస్తే ఈ ట్యాంకు నిండుతుంది. దానికి పట్టేది నాలుగు గంటల రెండు నిమిషాలు. అదే ట్యాంకు, అదే 60, అదే 80. తూము మూతి ఎంత కింద తెరుచుకుంటుందన్నదే జవాబును మార్చేసింది. పైపు గోడల రాపిడిని నేనిక్కడ వదిలేశాను. దాన్ని కలిపినా ప్రవాహం పెద్దగా మారదన్న మాట మారదు.

ఇంట్లో ఈ సమీకరణాన్ని వెనకనుంచి కూడా వాడుకోవచ్చు. ట్యాంకు లోపలి గోడకు స్కేలు పెట్టి, పోసే మోటారు ఒక్కటే నడుస్తున్నప్పుడు మట్టం ఎంత వేగంగా పెరుగుతుందో, కుళాయి ఒక్కటే తెరిచినప్పుడు ఎంత వేగంగా దిగుతుందో, రెండూ కలిసి నడిచినప్పుడు ఎంత మారుతుందో, మూడింటినీ ఒకే మట్టం చుట్టుపక్కల కొలవాలి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మూడోది రావాలి. రాకపోతే కొలతలోనో ఊహలోనో లోపముంది. మూడింటినీ వేర్వేరు మట్టాల దగ్గర కొలిస్తే, పోసే పైపు అడుగునుంచి లోపలికి వచ్చే ట్యాంకులో కూడా ఇలా తేడా రావచ్చు. అప్పుడు మట్టం పెరిగేకొద్దీ మోటారుకు ఎదురొత్తిడి పెరిగి అది పోసే నీరు తగ్గుతుంది. రెండూ కట్టేసి ఉన్నా మట్టం దిగుతుంటే మన గీతను దాటిపోయే దారి ఇంకొకటి ఎక్కడో ఉందన్నమాట.

పత్రికల్లో వానాకాలమంతా మనం చదివే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, నిల్వ అంకెలు కూడా ఇదే సమీకరణం. నాగార్జునసాగర్‌లాంటి పెద్ద జలాశయంలోకి వచ్చే నీటిని అన్ని దారుల్లోనూ నేరుగా కొలవడం కష్టం. కాబట్టి నిల్వ ఎంత పెరిగిందో, ఎంత వదిలారో చూసి, వచ్చినదాన్ని లెక్కగట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. ఒక లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలవుతాయి. ఒక రోజులో నిల్వ 2 టీఎంసీలు పెరిగి, అదే రోజు సగటున 50 వేల క్యూసెక్కులు, అంటే 4.32 టీఎంసీలు వదిలారనుకుందాం. అప్పుడు వచ్చింది 6.32 టీఎంసీలు, సగటున 73 వేల క్యూసెక్కుల పైచిలుకు. ఆవిరై పోయినదాన్ని దీనికి కలుపుకోవాలి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. నిండు సాగర్ విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు. అంత నీటిమీద ఒక సెంటీమీటరు అంటే పదో వంతు టీఎంసీ. గాలికి అలలు లేచి గేజి దగ్గర మట్టం ఒక సెంటీమీటరు తప్పుగా కనబడితే, రోజు లెక్కలో 1,160 క్యూసెక్కుల తేడా వస్తుంది, దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అదే తప్పు ఒక గంట లెక్కలో పడితే తేడా దాదాపు 28 వేల క్యూసెక్కులు. నదిలో నీరు తగ్గిపోయిన రోజుల్లో గంటగంటకూ లెక్కగట్టిన ఇన్‌ఫ్లో ఒక్కోసారి సున్నాకన్నా తక్కువగా కనబడటానికి కారణం ఇదే. అలాంటప్పుడు మూడు నాలుగు గంటల రీడింగులు కలిపి సగటు తీస్తారు.